వదిన కోసిన రబ్బరు

మా ఇంట్లో మెత్తగా ఉన్న వస్తువేదీ వదిన కంటపడ్డాక బతికి బట్టకట్టలేదు. నా పాత చెప్పుల అడుగులు, గిన్నెలు తోమే స్పాంజి, ఫ్రిజ్ తలుపు అంచున ఉండే రబ్బరు, అన్నీ ఆమె కత్తెర కిందికి వెళ్ళినవే. అన్నయ్య గురక పడలేక నేను కొనుక్కున్న చెవి బిరడాలు కూడా ఒకరోజు మాయమయ్యాయి. వెతికితే డ్రోన్ మీద, కెమెరా కింద, నాలుగు మూలలా నిలబడి కనిపించాయి. ఏమిటిదని అడిగితే ఆవిడ ఇంకో బిరడాను వేళ్ళతో నొక్కి వదిలి చూపించింది. నొక్కి వదలగానే ఠక్కున లేచేది అదురును ఆపదట, అటే తిప్పి కొడుతుందట. బద్ధకంగా లేచేదే అదురును మింగేస్తుందట. మా అన్నయ్యను ఏరి కోరి చేసుకున్నది కూడా ఆ లెక్కనే అయ్యుంటుందని నేనన్నాను. వదిన కాదనలేదు.

ఆడపడుచు వదినను మెచ్చుకుంటే లోకం వింతగా చూస్తుందని తెలుసు. చూడనీ. ఆవిడ ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివింది. టీవీలు బాగుచేసే కొట్లో రోజంతా కుట్టుమిషన్ ముందు కూర్చున్నట్టు వంగి కూర్చుని, సాయంత్రం ఇంటికొచ్చి, మా వెనక గదిలో డ్రోన్లు కట్టేది. ఆవిడ తమ్ముడు వాటిని ఎగరేసేవాడు. వాడు తెచ్చిన వీడియోలను కత్తిరించి అతికించే పని నాది. ఇంట్లో అందరూ ఆవిడను రబ్బరమ్మ అనేవాళ్ళు. తమ్ముడికి మాత్రం ఆవిడ అక్క కంటే ఎక్కువ. వాళ్ళ అమ్మ పోయినప్పుడు వాడు ఇంకా చొక్కా గుండీలు పెట్టుకోలేని వయసులో ఉన్నాడు. ఈవిడే చంకనెత్తుకుని పెంచింది. వాడి మాట వినిపిస్తే చాలు, సోల్డరింగ్ చేస్తున్న చెయ్యి కూడా ఆగిపోయేది.

వాడంటే నాకూ ఇష్టంగానే ఉండేది. నవ్వు మొహం, నోట్లో నాలుక లేనట్టుండే మాట. ఇప్పుడు ఆ మొహం గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది గానీ, అప్పట్లో మాకెవరికీ వాడిలో తప్పు కనిపించలేదు.

మా పనిలో జెల్లో అని ఒక జబ్బుంది. కెమెరా ఒక బొమ్మను ఒక్కసారిగా చూడదు. పైనుంచి కిందికి గీత తర్వాత గీతగా చదువుకుంటూ వస్తుంది. చదివే ఆ కాసేపట్లో మోటార్ల అదురుకు కెమెరా వణికితే ఒక్కో గీత ఒక్కో చోట పడుతుంది. దాంతో నిటారుగా ఉన్న స్తంభం వీడియోలో జెల్లీ ముద్దలా మెలికలు తిరుగుతుంది. ఎడిటింగులో దాన్ని బాగుచేయడమంటే కన్నీళ్ళతో బట్టలు ఉతకడమే. జబ్బును అక్కడే, డ్రోన్ మీదే ఆపాలి.

అదే అదురు డ్రోన్‌ను నడిపే కంట్రోలర్ బోర్డును కూడా చెడగొడుతుంది. డ్రోన్ ఎటు ఒరుగుతుందో కనిపెట్టే గైరో అనే చిన్న చిప్పు ఆ బోర్డు మీదే ఉంటుంది. అదురు ఎక్కువైతే పాపం దానికి ఒరగడమేదో వణకడమేదో తెలియదు. ఒరగకపోయినా ఒరిగామనుకుని మోటార్లను తొందరపెడుతుంది. అవి కాలిపోయేంత వేడెక్కుతాయి. అందుకే బోర్డు మరలకు, చట్రానికి మధ్య చిన్న రబ్బరు గుండీలు పెడతారు. మరను మరీ బిగిస్తే రబ్బరు నలిగి రాయిలా గట్టిపడి, అదురు సూటిగా బోర్డులోకి దూరుతుంది. వదిన ఆ మరలను వేలిముద్ర వేసేంత సుతారంగా తిప్పేది. బోర్డుకు వచ్చే తీగలను కూడా బిర్రుగా లాగనిచ్చేది కాదు. బిగుసుకున్న తీగ ఒక్కటున్నా, ఎంత మంచి రబ్బరు పెట్టినా అదురు ఆ దారిన నడిచి వచ్చేస్తుందట.

ఇంకో పద్ధతి కూడా ఉండేది ఆవిడకు. డ్రోన్ ఇంటికి రాగానే తమ్ముణ్ణి ఒక్కటే అడిగేది, ఎక్కడైనా తగిలిందా అని. తగిలిందంటే తిట్టదు, మొహం మాడ్చుకోదు. డ్రోన్‌ను పూర్తిగా విప్పి, ఎక్కడ దెబ్బ తిన్నదో తేలేదాకా ఎగరనివ్వదు, అంతే. తగల్లేదంటే నమ్మేస్తుంది. ఎగరేసినప్పుడు ఆవిడ పక్కన ఉండదు కాబట్టి, డ్రోన్ గురించి ఆవిడకు తెలిసేదంతా ఆ ఒక్క జవాబులోంచే మొదలవ్వాలి.

వంతెనలను పరీక్షించే కంపెనీ మా దగ్గరికి వచ్చింది అప్పుడే. వంతెన అడుగున, స్తంభాల మధ్యన, ఉపగ్రహాల సంకేతం అందదు. చీకటి. పైగా కెమెరా పైకి చూడాలి. కొట్లో దొరికే డ్రోన్లు ఆ పనికి మొరాయించాయి. వదిన కట్టింది చిన్నది, గట్టిది, కెమెరా ఆకాశం వైపు తిరిగి ఉండేది. వాళ్ళ ఇంజనీరు గారు నెమ్మదైన మనిషి. కాంక్రీటులో వెంట్రుక వాసి పగులు కూడా తనకు ఉన్నదున్నట్టు కనిపించాలని, మెలికలు తిరిగితే తనకెందుకూ కొరగాదని చెప్పారు. పరీక్షకు ఇచ్చిన వంతెన వీడియో బాగా వస్తే వాళ్ళ వంతెనలన్నిటికీ డ్రోన్లు వదినే కట్టాలి, తమ్ముడే ఎగరేయాలి.

వదినకు ఆ మాట చాలు. టీవీల కొట్టు మానేసి వెనక గదిని పనిశాల చేసుకుంటానని, బయట గోడకు పేరు బోర్డు పెట్టుకుంటానని, ఎప్పుడూ ఏదీ అడగని మనిషి అన్నయ్యను అడిగింది. అన్నయ్య బద్ధకంగా లేచి మరీ గోడ కొలిచాడు.

మొదటిసారి తెచ్చిన వీడియో అద్దంలా ఉంది. పగులు పక్కన సాలెగూడు పోగులు కూడా నేను లెక్కపెట్టగలిగాను. రెండోసారి తెచ్చినదాన్ని తెర మీద పెట్టగానే ఆపేసి దగ్గరగా చూశాను. స్తంభం అంచు వణుకుతోంది.

వదినను పిలిచాను. ఆవిడ చూసి, తమ్ముడి వైపు తిరిగి ఎప్పటిలాగే అడిగింది. వాడు లేదక్కా అన్నాడు, అంత మామూలుగా. పైగా ఖాళీ దొరికితే చేతుల మీది టేపంతా తీసేసి కొత్తది చుట్టానని చెప్పాడు. డ్రోన్ మోటార్లు నిలబడే కార్బన్ కడ్డీలను చేతులంటాం. మోటారు తీగలు రెక్కలకు చిక్కుకోకుండా ఆ చేతికి ఆనించి టేపు చుడతారు. నాలుగు చేతులకూ ఒక్కలాగే, నీటుగా, నల్లగా చుట్టాడు. వదిన మురిసిపోయింది. వీడికి ఇప్పటికి శుభ్రం వచ్చిందే అంది నాతో.

అక్కడినుంచి ఆవిడకు కంటి మీద కునుకు లేదు. మోటార్లు ఒక్కొక్కటీ వేలితో తిప్పి చూసింది, బాగున్నాయి. రెక్కల తూకం చూసింది, సరిగా ఉంది. చేతులను పట్టుకుని వంచి చూసింది, గట్టిగానే ఉన్నాయి. గైరో గీసిన గ్రాఫులో మాత్రం ఎన్నడూ లేని చోట ఒక గుట్ట లేచింది. తగల్లేదని తమ్ముడు చెప్పాడు కాబట్టి చట్రం మంచిదే. చట్రం మంచిదైతే తప్పు రబ్బరుదే. రబ్బరు తప్పయితే తప్పు తనదే. ఆవిడ ఆలోచన ఆ దారిన వెళ్ళింది. ఎవరు మాత్రం ఇంకోలా ఆలోచిస్తారు?

గుండీలు మార్చింది. తీగలు తీసేసి ఇంకా పలచటివి, సిలికాన్ తొడుగువి వేసింది. కెమెరా పలకకు చిన్న ఇత్తడి ముక్క అతికించింది. తేలిక కెమెరా కింద ఎంత మెత్తని రబ్బరైనా గట్టిదానికిందే లెక్క, కాస్త బరువు పడితేనే రబ్బరు రబ్బరులా పనిచేస్తుందని చెప్పింది. అదీ నిజమే. మార్చిన ప్రతిసారీ వీడియో కొంచెం బాగుపడేది. మళ్ళీ రెండు మూడుసార్లు ఎగిరేసరికి మొదటికొచ్చేది. ఆవిడ మరికాస్త మెత్తటిది వెతికేది.

తమ్ముడు ఆ రోజులన్నీ పక్కనే స్టూలు మీద కూర్చుని ఉండేవాడు. టీ తెచ్చి ఇచ్చేవాడు. లెన్సు ముందు నల్లద్దం పెడితే మెలికలు కనబడవు కదా అని ఒకసారి సలహా ఇచ్చాడు. నల్లద్దం పెడితే కెమెరా నెమ్మదిగా చూస్తుంది, మెలికలు చెరిగి మసకైపోతాయి. కానీ పగులూ మసకే అవుతుంది, పైగా వంతెన కింద అసలే వెలుతురు లేదు. అది జ్వరం తగ్గక థర్మామీటర్ విరగ్గొట్టడమేనని నేను విసుక్కున్నాను. ఇంకోసారి ఎక్కడినుంచో జెల్ షీటు పట్టుకొచ్చాడు. చేత్తో పట్టుకుంటే జారిపోయేంత మెత్తగా ఉంది.

"గుండీలు తీసేసి ఇది పెట్టి చూడక్కా. ఇంకాస్త మెత్తగా ఉంటే ఆగిపోతుంది."

వదిన దాన్ని అటూ ఇటూ నొక్కి చాలాసేపు చూసింది. మరీ మెత్తనైతే బోర్డు దాని మీద ఊగుతుందని, డ్రోన్ ఒకటి చేస్తుంటే బోర్డు ఇంకొకటి అనుకుంటుందని ఆవిడకు తెలుసు, నాకు చెప్పింది కూడా. అయినా కోసింది. గైరో మాటను బాగా వడపోసి, తాపీగా నమ్మమని బోర్డుకు సెట్టింగూ మార్చింది. అలా వడపోస్తే అదురు తగ్గుతుంది, కానీ కబురు ఆలస్యమవుతుంది. రెండూ కలిస్తే ప్రమాదమని ఇంకెవరి డ్రోన్ అయినా అయితే ఆవిడే వద్దనేది. తన చేతి మీద తనకే నమ్మకం సడలిన మనిషి, తమ్ముడి చేతిలోని జెల్‌ను నమ్మింది.

ఇంజనీరు గారు చివరిసారి చూస్తానని వంతెన దగ్గరికి వచ్చారు. నేనూ వెళ్ళాను. వంతెన అడుగున గాలి లేని చోట డ్రోన్ బాగానే ఎగిరింది. వీడియో కూడా తేటగా వస్తోంది, వదిన తెర మీద చూసి ఊపిరి పీల్చుకుంది. వంతెన నీడ దాటి బయటికి రాగానే పక్కనుంచి గాలి కొట్టింది. డ్రోన్ కొంచెం ఒరిగింది. జెల్ మీదున్న బోర్డుకు ఆ సంగతి ఆలస్యంగా తెలిసింది. అది సరిదిద్దేసరికి డ్రోన్ రెండోవైపు పోయింది. మళ్ళీ సరిదిద్దింది, మళ్ళీ ఎక్కువైంది. ఊగుడు పెరిగి పెరిగి, డ్రోన్ తిరగబడి కాంక్రీటు గట్టు మీద పడింది. వదిన పరిగెత్తి వెళ్ళి రెండు చేతులతో ఎత్తుకుంది.

ఏమైందని ఇంజనీరు గారు అడిగారు. ఆయన అడిగింది వదినను. వదిన నోరు తెరిచే లోపలే తమ్ముడు చెప్పాడు.

"అక్క రబ్బరు మరీ మెత్తగా పెట్టేసింది సార్. నా చేతికి డ్రోన్ తేడాగా అనిపిస్తూనే ఉంది."

వదిన తమ్ముడి వైపు చూసింది. తర్వాత ఇంజనీరు గారి వైపు తిరిగి, అవునండీ, బోర్డు కింద రబ్బరు మరీ మెత్తనైంది, తప్పు నాదే అని ఒప్పుకుంది. ఆయన ఏమీ అనలేదు. మంచి మనుషులు ఏమీ అనకపోవడం ఎంత భారంగా ఉంటుందో ఆ రోజు తెలిసింది నాకు.

ఆ నెల్లోనే కబురు తెలిసింది. కంపెనీ ఖరీదైన డ్రోన్ ఒకటి బయటినుంచి తెప్పించుకుంటోంది. దాన్ని ఎగరేయడానికి తమ్ముణ్ణి ఉద్యోగంలోకి తీసుకుంది. మిఠాయి పొట్లంతో వచ్చి వాడే చెప్పాడు. వదిన వాడి నెత్తి నిమిరి దీవించింది. వాడు వెళ్ళాక వెనక గది తలుపు దగ్గరగా వేసింది. నా చేతులు ఇక ఈ పనికి పనికిరావు, పక్కవాళ్ళ ప్రాణం మీదికి తెచ్చేదాన్ని, అని అన్నయ్యతో అంటుంటే విన్నాను. అన్నయ్య గోడ మీద గీసుకున్న కొలత గీతను ఆవిడే తడిగుడ్డతో తుడిచేసింది.

మోటార్లు ఎవరికైనా పనికొస్తాయని, పాడైన డ్రోన్‌ను ఒక ఆదివారం విప్పడానికి కూర్చుంది. నేను పక్కన కూరగాయలు తరుగుతున్నాను. డ్రోన్ చెయ్యి ఒకటి విరిగి, టేపు పట్టు మీద వేలాడుతోంది. పడ్డప్పుడు విరిగింది కదా అనుకున్నాం. ఆవిడ టేపు ఊడదీసింది. ఊడదీసి, విరిగిన చోటును కిటికీ వెలుతురుకు పెట్టి అలాగే ఉండిపోయింది.

ఏమిటని లేచి వెళ్ళి చూశాను. కొత్తగా విరిగిన కార్బన్ లోపల నల్లగా, పీచులు పీచులుగా ఉంటుంది. ఈ విరుగులో అంచున కొంచెమే అలా ఉంది. మిగతాదంతా తెల్లగా, గాజుపొరలా ఎండిపోయిన సూపర్ గ్లూ. చెయ్యి ఎప్పుడో చీలింది. ఎవరో అతికించారు. అతుకు మీద టేపు చుట్టారు. ఒక్కదానికే చుడితే అనుమానం వస్తుందని నాలుగిటికీ చుట్టారు.

అతికించిన చెయ్యి బల్ల మీద పట్టుకుని వంచితే గట్టిగానే ఉంటుంది. మోటారు పూర్తి వేగంతో లాగుతున్నప్పుడు మాత్రం ఆ చీలిక దగ్గర వణుకుతుంది. ఎగిరిన ప్రతిసారీ అతుకు కాస్త కాస్త వదులవుతుంది. గ్రాఫులో లేచిన ఆ గుట్ట అదే. అలాంటి అదురును ఏ రబ్బరూ, ఏ జెల్లూ పూర్తిగా ఆపలేదు. ఆవిడ అన్ని రోజులు మందు వేసింది రోగం లేని చోట.

నేను అరిచాను, అరవకుండా ఎలా ఉంటాను? వదిన మాత్రం లేచింది. చీర మార్చుకుని, విరిగిన చెయ్యిని పాత తువ్వాల్లో చుట్టి సంచిలో పెట్టుకుంది. నన్ను రమ్మంది.

తమ్ముడు అద్దె గదిలో ఉంటున్నాడు. కంపెనీ డ్రోన్ పెట్టె మంచం మీద ఉంది, వాడు కుర్చీలో. మమ్మల్ని చూసి నవ్వుతూ లేచాడు. వదిన తువ్వాలు విప్పి బల్ల మీద పెట్టింది. వాడి నవ్వు మొహం మీదే ఆగిపోయింది. నీళ్ళు నమిలి, ఆఖరికి చెప్పాడు. రెండోసారి వెళ్ళినప్పుడే స్తంభానికి తగిలిందట. కొద్ది రోజుల్లోనే ఇంజనీరు గారికి వీడియో చూపించాల్సి ఉందట. అక్కకు చెబితే డ్రోన్‌ను విప్పి కూర్చుంటుందని, పని చేజారుతుందని భయపడ్డాడట. తర్వాత చెబుదామనుకున్నాడట, అక్క రబ్బర్లు మారుస్తుంటే కొంచెం తగ్గుతోంది కదా అని ఊరుకున్నాడట.

"మరి జెల్ ఎందుకు తెచ్చావు?" అంది వదిన.

వాడు తల దించుకున్నాడు. దించుకునే అన్నాడు, "కానీ పడింది మాత్రం నీ రబ్బరు వల్లే కదక్కా. నేను సార్‌తో అబద్ధం చెప్పలేదు."

నేను తిట్టబోయి ఆగాను. ఎందుకంటే అది నిజం. డ్రోన్‌ను పడేసింది చీలిన చెయ్యి కాదు, మెత్తని జెల్లే. వాడు అక్క చేతే తప్పు చేయించి, ఆ తప్పును అక్క పేరునే చెప్పాడు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో పెద్దవాళ్ళు అంటుంటే వినడమే గానీ కళ్ళారా చూడడం అదే మొదలు.

"అవును, నా రబ్బరు వల్లే పడింది" అంది వదిన. "తగల్లేదన్న నీ మాట మీద కోసిన రబ్బరు."

వాడు ఏడుస్తాడనుకున్నాను. కాళ్ళ మీద పడతాడనుకున్నాను. వదిన కూడా అదే అనుకుందేమో, కాస్త ముందుకు జరిగింది, ఎత్తుకోవడానికన్నట్టు. వాడు తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"సార్‌కు చెప్తావా అక్కా?"

వదిన విరిగిన చెయ్యిని వాడి బల్ల మీదే వదిలేసి బయటికి నడిచింది. మెట్లు దిగి, వీధి దాటి, బస్టాపు బల్ల మీద కూర్చున్నాక అప్పుడు ఏడ్చింది. మనుషులు చూస్తున్నా ఆపుకోలేదు. నేను వాణ్ణి నోటికొచ్చినట్టు తిడుతూ, ఇంజనీరు గారికి ఇప్పుడే ఫోన్ చేస్తానని ఫోన్ తీశాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"తగిలిందని దాచాడు, పోనీలే, భయం. ఉద్యోగం తీసుకున్నాడు, పోనీ. కానీ నా చేతులు పాడైపోయాయని నేను కుమిలిపోతుంటే, పక్కన కూర్చుని టీ ఇచ్చాడు చూడూ" అంది. నేను ఫోన్ సంచిలో వేసేశాను. బస్సు వచ్చింది, ఎక్కి కూర్చున్నాం.